గుండ్రటి టిన్ను కేకును దీర్ఘచతురస్రాకార టిన్నులో చేస్తే

8 అంగుళాల గుండ్రటి టిన్నుకు ఇచ్చిన కేకును 11×7 అంగుళాల టిన్నులో చేయాలంటే పిండి, బేకింగ్ సమయం ఎంత మార్చాలి?

పిండి ఒకటిన్నర రెట్లు కలపండి. ఓవెన్ వేడి మార్చవద్దు, సమయం దాదాపు అంతే పడుతుంది.

చూడవలసింది టిన్ను అడుగు వైశాల్యం. గుండ్రటి దానికి వ్యాసంలో సగం 4 అంగుళాలు కాబట్టి 4×4×3.14, అంటే సుమారు 50 చదరపు అంగుళాలు. రెండోదానికి 11×7, అంటే 77. దాన్ని 50తో భాగిస్తే ఒకటిన్నర. 2 గుడ్లు, 150 గ్రాముల మైదా ఉన్న కేకుకు 3 గుడ్లు, 225 గ్రాములు అవుతాయి. మిగతావీ అదే లెక్కన పెంచాలి. రెండు టిన్నుల లోతూ ఒకటేనా అన్నది మాత్రం ముందే చూసుకోండి.

పిండి పెరిగింది కదా అని గుండ్రటి టిన్నులో 35 నిమిషాలు పట్టే కేకును 50 నిమిషాలు ఉంచడమే చాలామంది చేసే పొరపాటు. కేకు ఉడికే సమయం ముఖ్యంగా పిండి మందాన్ని బట్టి ఉంటుంది, మందం ఇక్కడ మారలేదు. పైగా మూలలకు రెండు వైపుల నుంచీ వేడి తగిలి అవి ముందే ఎండిపోతాయి. అందుకే 30వ నిమిషంలోనే మధ్యలో పుల్ల గుచ్చి చూడండి. తడి పిండి అంటకపోతే తీసేయవచ్చు.

పిండి పెంచకుండా పాత కొలతే పోస్తే పొర మూడింట రెండు వంతుల మందమే ఉంటుంది. అప్పుడు 20వ నిమిషం నుంచే చూడాలి.