పనిభారం గురించి పై అధికారికి రాసే మాటలు

సందేహం: ఈ వారం నాకు మూడు పనులున్నాయి. నెలవారీ నివేదిక బుధవారానికి, కొత్తవారి శిక్షణ పాఠాలు శుక్రవారానికి ఇవ్వాలి. ఖాతాదారుల ఫిర్యాదులకు రోజూ జవాబులు రాయాలి. శిక్షణ మాత్రం వచ్చే గురువారం మొదలవుతుంది. సోమవారం ఉదయం మా మేనేజర్ గారు పాత రికార్డులు సరిచూసే పని కూడా ఇచ్చి, శుక్రవారానికి కావాలన్నారు. నేను ఇలా రాశాను: “సార్, అన్ని పనులూ నా మీదే పడేస్తున్నారు. ఉన్నవే చేయలేక చస్తుంటే మళ్ళీ ఈ రికార్డులు కూడానా? శుక్రవారానికే కావాలంటే ఎలా అవుతుంది?” పంపకుండా ఆగిపోయాను. బతిమాలినట్లు కాకుండా, గౌరవంగా దీన్ని ఎలా రాయాలి?

సమాధానం: మీ మూడు వాక్యాలనూ విడదీసి చూడండి. పని, రికార్డులు, శుక్రవారం అన్న మాటల్లో కోపమేమీ లేదు. కోపమంతా క్రియల చివరా, చిన్న చిన్న ప్రత్యయాల్లోనూ ఉంది. ‘ఇస్తున్నారు’ అంటే జరిగినది చెప్పడం. ‘పడేస్తున్నారు’ అంటే ఇచ్చిన తీరును తప్పుపట్టడం. ‘చేయలేకపోతున్నాను’ అంటే స్థితి తెలుస్తుంది. ‘చేయలేక చస్తున్నాను’ అనేసరికి విసుగు తెలుస్తుంది, స్థితి వెనక్కి పోతుంది. తెలుగులో ‘చచ్చు’, ‘ఏడ్చు’ వంటి క్రియలు మరో క్రియ పక్కన చేరినప్పుడు సొంత అర్థం వదిలేసి, మాట్లాడేవారి చిరాకును మోస్తాయి. ఇంట్లో, స్నేహితుల మధ్య వాటికి చోటుంది. పై అధికారికి రాసే మెసేజిలో ఒక్కటి ఉన్నా చదివేవారి చూపు పని మీది నుంచి మీ మనఃస్థితి మీదికి మళ్ళుతుంది.

‘నా మీదే’, ‘శుక్రవారానికే’ అన్నచోట్ల ఉన్న ఏ-కారం అంతకన్నా సూక్ష్మమైనది. అది మిగతావారిని మినహాయిస్తుంది. ‘నా మీదే’ అన్నారంటే ‘ఇతరుల మీద కాదు’ అని రాయకుండానే రాసినట్లు. మీకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు, కానీ మేనేజర్ గారికి అది పక్షపాతం అన్న ఆరోపణగానే అందుతుంది. ఆయన జవాబు కూడా ఆ ఆరోపణకే వస్తుంది. ‘మిగతావాళ్ళకూ పని ఉంది’ అంటారు, అంతటితో సంభాషణ ముగుస్తుంది. ‘కూడానా?’, ‘ఎలా అవుతుంది?’ అన్నవి ప్రశ్నల రూపంలో ఉన్న నిందలు. వాటికి ఎవరూ సమాధానం చెప్పలేరు. ‘శుక్రవారానికే కావాలా?’ అనడంలో వాదన వినిపిస్తుంది. ‘శుక్రవారానికి కావాలా, మంగళవారమైనా సరిపోతుందా?’ అంటే నిజమైన ప్రశ్న అవుతుంది, ఆయన ఒక్క మాటలో జవాబివ్వగలరు.

అయితే ఈ ముళ్ళన్నీ ఏరివేసినంత మాత్రాన మెసేజి సిద్ధం కాదు. ‘సార్, పని ఎక్కువగా ఉంది, దయచేసి గమనించండి’ అని రాస్తే మర్యాదకు లోటు లేదు, కానీ ఆయన ఏం చేయాలో అందులో లేదు. ‘సరే, గమనించాను’ అంటే మీరు మళ్ళీ మొదటికే వస్తారు. మేనేజర్ గారి చేతిలో ఉన్నవి కొన్నే: గడువు మార్చడం, పని మరొకరికి ఇవ్వడం, పని పరిమాణం తగ్గించడం, ఏది ముందో చెప్పడం. మీ మెసేజి వీటిలో ఏదో ఒకటి అడిగినప్పుడే ఆయనకు పట్టు దొరుకుతుంది.

అందుకు ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి. మీరు గంటలు రాయలేదు కాబట్టి ఉదాహరణకు నేనే కొన్ని అంకెలు అనుకుంటాను. రోజుకు 8 గంటల చొప్పున అయిదు రోజులకు 40 గంటలు. నివేదికకు 12, ఫిర్యాదులకు రోజుకు 2 చొప్పున 10, రికార్డులకు 10, శిక్షణ పాఠాలకు 16. మొత్తం 48. అంటే 8 గంటలు మించింది. ‘చాలా ఎక్కువ’ అన్న మాట దగ్గర వాదన పుడుతుంది, 8 గంటల దగ్గర పుట్టదు. ఈ అంకెలతో ఇలా రాయవచ్చు:

“నమస్కారం సార్. పాత రికార్డుల పని అందింది. దీనితో కలిపి ఈ వారం నా దగ్గర నాలుగు పనులున్నాయి. నెలవారీ నివేదికకు 12 గంటలు, ఫిర్యాదుల జవాబులకు రోజుకు 2 గంటల చొప్పున 10, రికార్డులకు 10, శిక్షణ పాఠాలకు 16 గంటలు పడతాయని నా అంచనా. మొత్తం 48 గంటలు, వారంలో ఉన్నవి 40. అందువల్ల నాలుగూ శుక్రవారానికి పూర్తికావు.

నాకు రెండు మార్గాలు కనిపిస్తున్నాయి. శిక్షణ పాఠాలను వచ్చే మంగళవారం సాయంత్రానికి ఇస్తే, మిగతా మూడూ గడువుకు అందుతాయి. లేదా ఈ వారం ఫిర్యాదుల జవాబులు మరొకరు చూస్తే, అన్నీ శుక్రవారానికి పూర్తవుతాయి. శిక్షణ గురువారం మొదలవుతుంది కాబట్టి మొదటి మార్గం మేలని నా అభిప్రాయం.

మనం ఏ మార్గంలో వెళదామో రేపు మధ్యాహ్నంలోగా చెప్పండి. అప్పటివరకు నివేదిక పని సాగిస్తాను.”

ఇందులో ‘నేను చేయలేను’ అన్న వాక్యం ఎక్కడా లేదు, గమనించండి. ‘పూర్తికావు’ అన్న క్రియకు కర్త పనులే. ‘చేయలేను’ అంటే ఎదుటివారు మీ సామర్థ్యాన్ని తూచడం మొదలుపెడతారు. ‘చేయను’ అంటే మీ ఇష్టానిష్టాలను తూస్తారు. ‘పూర్తికావు’ అంటే గంటలను తూస్తారు. అలాగని ఈ వాక్యాన్ని ఇంకా మెత్తబరచకండి. ‘పూర్తికాకపోవచ్చేమో’, ‘కొంచెం కష్టం కావచ్చు’ అని రాస్తే మర్యాద పెరగదు, సమాచారం తగ్గుతుంది. ‘ప్రయత్నిస్తాను’ అన్న మాటతోనైతే మరీ జాగ్రత్తగా ఉండాలి. రాసేవారు దాన్ని అనుమానంతో రాస్తారు, చదివేవారు ఒప్పుకోలుగా చదువుతారు. శుక్రవారం సాయంత్రం పని అందనప్పుడు ‘నేను ప్రయత్నిస్తాననే కదా అన్నాను’ అన్న వివరణ ఎవరికీ పనికిరాదు.

మార్గాలు చెప్పేటప్పుడు ‘-తే’ రూపం ఎంతో సాయపడుతుంది. ‘మంగళవారానికి ఇస్తే, మిగతా మూడూ అందుతాయి’ అన్న వాక్యంలో ఏం మారాలో, మారితే ఆయనకు ఏం దక్కుతుందో రెండూ ఉన్నాయి. అదే ప్రత్యయం వ్యతిరేకార్థంలో వస్తే స్వరం మారిపోతుంది. ‘గడువు మార్చకపోతే పాఠాలు ఆగిపోతాయి’ అన్నది నిజమే కావచ్చు, కానీ బెదిరింపులా వినిపిస్తుంది. ‘మీరు చెప్పకపోతే నేను ఇలాగే చేస్తాను’ అన్నదీ అంతే. దాని బదులు, జవాబు వచ్చేవరకు మీరు ఏ పని మీద ఉంటారో చెబితే చాలు. ఎలాగూ నివేదికే అన్నిటికన్నా ముందు కావాలి కాబట్టి, ఆ వాక్యంతో ఎవరి నిర్ణయాన్నీ మీరు చేజిక్కించుకున్నట్లు కాదు.

‘కొంచెం గడువు పెంచి పెట్టండి’ అని చాలామంది రాస్తారు. నేను వద్దంటాను. ‘పెట్టు’ చేరిన క్రియ మరొకరి కోసం చేసే సాయాన్ని చెబుతుంది. ఆ ఒక్క మాటతో గడువు మార్పు కార్యాలయ అవసరం కాకుండా మీకు చేసే ఉపకారం అయిపోతుంది. మీరు బతిమాలినట్లు ఉండకూడదన్నారు కదా, ఆ స్వరం పుట్టేది ఇక్కడే. ‘తమరు దయతలచి’, ‘అన్యథా భావించకండి’ వంటివీ అక్కర్లేదు. ‘చెప్పండి’లోని ‘-అండి’లో కావలసినంత గౌరవం ఉంది. ‘తెలుపగలరు’ అన్నది ఉత్తరాల్లో స్థిరపడిన రూపమే, తప్పు కాదు. కానీ అందులో ‘-గలరు’ శక్తిని చెప్పే ప్రత్యయం కావడంతో కొందరికి అది అభ్యర్థనలా కాక ప్రకటనలా వినిపిస్తుంది. నిర్ణయం అడిగేచోట నేను ‘చెప్పండి’ లేదా ‘చెబుతారా?’ వైపే మొగ్గుతాను.

‘మనం ఏ మార్గంలో వెళదాం’ అన్న చోట ‘మనం’ కావాలనే వేశాను. ఎదుటివారిని కలుపుకునే ‘మనం’, కలుపుకోని ‘మేము’ రెండూ వేరువేరుగా ఉండటం తెలుగుకు కలిసివచ్చిన సౌకర్యం. నిర్ణయం ఇద్దరిదీ అయిన చోట ‘మనం’ రాయండి. లోపం ప్రస్తావించే చోట మాత్రం వద్దు. పోయిన వారం మీరు ఆలస్యంగా ఇచ్చిన దాన్ని ‘మనం ఆలస్యం చేశాం’ అంటే ఆయనకు నచ్చదు, నచ్చకపోవడమే న్యాయం.

ఇక రెండు ఆచరణ విషయాలు. లెక్క ప్రకారం మొదటి మార్గంలో పాఠాలకు ఈ వారం 8 గంటలు దొరుకుతాయి, మరో 8 గంటల పని మిగులుతుంది. వచ్చే సోమవారం ఫిర్యాదులు పోను 6 గంటలు, మంగళవారం 2 గంటలు చాలు. అంటే మంగళవారం ఉదయమే అయిపోవచ్చు, అయినా ‘సాయంత్రానికి’ అని రాశాను. అనుకోని పని ఏదో ఒకటి వస్తుంది, రెండోసారి గడువు అడగడం మొదటిసారి కన్నా చాలా కష్టం. రెండోది, ‘మరొకరు చూస్తే’ అన్నచోట సహోద్యోగి పేరు రాయాలనుకుంటే ముందు వారిని అడగండి. అడగకుండా రాస్తే మీ భారం వారి మీద పడేసినట్లే అవుతుంది, అప్పుడు ఆ క్రియ అక్షరాలా సరిపోతుంది.

ఆయన ‘అన్నీ ముఖ్యమే’ అని జవాబిస్తే మళ్ళీ వాదించకండి. ఇలా రాయండి: “అలాగే సార్. రికార్డులు, పాఠాలు రెండింటిలో శుక్రవారానికి ఏది ముందు మీకు అందాలి?” ముఖ్యమైనవి ఎన్నయినా ఉండవచ్చు, ముందు వచ్చేది ఒక్కటే. ఆయన ‘రికార్డులు’ అన్నారనుకోండి, అదే మెసేజిలో “రికార్డులు శుక్రవారానికి, పాఠాలు మంగళవారానికి ఇస్తాను” అని తిరిగి రాసి ఉంచండి. నోటితో చెప్పినా సరే, ఆ వాక్యం రాతలో ఉండాలి.

ఈ పద్ధతి ఒక వారం ఇరుకుకు సరిపోతుంది. ప్రతి వారం లెక్క 48కే వస్తుంటే సమస్య ప్రాధాన్యాలది కాదు, పని పంపకానిది. అప్పుడు వారం వారం గడువులు అడగడం మానేసి, ఆ వారాల లెక్కలన్నీ ఒకచోట చేర్చి “ఈ పనుల పంపకం గురించి మీతో అరగంట మాట్లాడాలి, ఎప్పుడు వీలవుతుంది?” అని అడగండి. ఆరోగ్యం దెబ్బతింటున్నా, మీ పట్ల నిజంగానే అన్యాయం జరుగుతున్నా దాన్ని గంటల లెక్క వెనుక దాచవద్దు. ఆ మాట వేరే మెసేజిలో, నేరుగా ‘నాకు’, ‘నేను’ అంటూనే రాయాలి.