తోరమా, తోరణమా? గృహప్రవేశం చీటీలో నాలుగు మాటలు

సందేహం: వచ్చే నెల మా గృహప్రవేశం. పురోహితులు రాయించిన సామాన్ల చీటీలో 'తోరములకు దారం', 'తోరణములకు మామిడాకులు' అని వేరువేరుగా ఉన్నాయి. రెండూ ఒకటి కావా? 'పుణ్యాహవాచనం' అని ఆయన రాస్తే మా అన్నయ్య 'పుణ్యావచనం' అంటాడు, ఏది సరైనది? 'పంచగవ్యములు' అంటే పంచామృతమేనా? కార్డు ప్రూఫులో 'గ్రహప్రవేశం' అని పడింది, అలా రాసినా చెల్లుతుందా? చివరగా, పాలు పొంగడం అనాలా, పొంగించడం అనాలా? అది పూజకు ముందా, తర్వాతా?

సమాధానం: ముందు ప్రూఫు దిద్దించండి, అది ఆగదు. గృహం ఇల్లు, గ్రహం శని, గురుడు వగైరా. 'ఋ'ని మనం 'రు' అని పలకడం అలవాటై 'గ్రుహ' అంటాం. రాసేటప్పుడు ఆ కొమ్ము కూడా జారిపోయి 'గ్రహ' మిగులుతుంది. తమాషా ఏమిటంటే ఈ రెండు మాటలూ 'గ్రహ్' అనే ఒకే ధాతువు నుంచి వచ్చాయి. పట్టుకోవడం దాని అర్థం. ఇల్లు అనే అర్థంలో 'గృహ' రూపం కోసం పాణిని ఒక సూత్రమే విడిగా చెప్పాడు. పుట్టుక ఒకటే అయినా కార్డు మీద ఒకదాని బదులు ఇంకొకటి చెల్లదు. మీ చీటీలో 'నవగ్రహ పూజ' ఉంటే అది కూడా ఒకసారి చూడండి. తిరగబడి 'నవగృహ పూజ' అని రాసిన చీటీలు నేను చాలా చూశాను. ఒక ఇంటికి కట్టే వాయిదాలే చాలు, తొమ్మిదిళ్లు మనకెందుకు!

ఇక చీటీ. తోరం, తోరణం రెండూ వేరు. పక్కన వచ్చే క్రియను గమనిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. తోరణం గుమ్మానికి కడతాం, తోరం చేతికి కట్టుకుంటాం. తోరణమంటే మామిడాకుల దండ. పురికొసకు ఆకులు గుచ్చి సింహద్వారానికీ, దేవుడి గదికీ, వంటింటికీ కడతారు. తోరం నూలు దారంతో చేసేది. కొన్ని పోగులు కలిపి, పసుపు రాసి, ముడులు వేసి, మధ్యలో ఒక పువ్వు కట్టి పూజలో పెడతారు. ఆ తర్వాత వ్రతం చేసేవాళ్లు చేతికి కట్టుకుంటారు. మీ చీటీలో తోరాలు ఉన్నాయంటే ఆ రోజు మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం కూడా ఉండి ఉండాలి. కాబట్టి కొనాల్సిన దారాలు రెండు రకాలు: తోరణానికి గట్టి పురికొస, తోరానికి తెల్ల నూలు దారపు ఉండ. నైలాన్ దారానికి పసుపు పట్టదు, ముడి కూడా నిలవదు. పూజ మధ్యలో పురోహితుడు దారం అడిగితే పూలు కట్టే నైలాన్ దారం తెచ్చి ఇచ్చి, మళ్లీ దుకాణానికి పరుగెత్తినవాళ్లు ఉన్నారు.

పుణ్యాహవాచనం విషయంలో పురోహితులు రాసిందే సరైనది. అన్నయ్యగారి మాటలో మధ్యనున్న 'హ' ఎగిరిపోయింది. అసలు కీలకం ఆ 'హ'లోనే ఉంది. సంస్కృతంలో 'అహన్' అంటే రోజు. సమాసం చివర అది 'అహ' అవుతుంది. ఏడు రోజులు సప్తాహం అయినట్టే, పుణ్యమైన రోజు పుణ్యాహం అయింది. రెండో సగం కూడా 'వచనం' కాదు, 'వాచనం'. వచనం అంటే చెప్పడం, వాచనం అంటే చెప్పించడం. ఆ క్రియలో జరిగేది కూడా సరిగ్గా అదే. ఇల్లుగలాయన 'మీరు పుణ్యాహం అని పలకండి' అని వేడుకుంటాడు, వచ్చిన బ్రాహ్మణులు 'పుణ్యాహం' అని పలుకుతారు. అంటే ఈ రోజు మంచి రోజని మనం అనుకోవడం కాదు, నలుగురి నోట అనిపించుకోవడం. మంత్రించిన కలశంలోని నీళ్లను మామిడాకులతో ఇంటి నాలుగు మూలలా చల్లుతారు. అందుకే చీటీలో ఆ పేరు కింద ఒక చెంబు, మామిడి కొమ్మ, కొబ్బరికాయ, బియ్యం, రవికెల గుడ్డ రాసి ఉంటాయి. పేరు అర్థమైతే అవి ఎందుకో కూడా అర్థమవుతుంది. తోరణాలకు తెచ్చిన ఆకులన్నీ గుమ్మాలకే గుచ్చెయ్యకుండా, ఐదారు ఆకులున్న లేత కొమ్మలు రెండు మూడు దీనికోసం పక్కన పెట్టండి.

పంచగవ్యం, పంచామృతం ఒకటే అనుకుంటే మాత్రం పొద్దున్నే టెన్షన్ తప్పదు. గవ్యం అంటే గోవుకు సంబంధించినది. ఆవు పాలు, పెరుగు, నెయ్యి, పంచితం, పేడ, ఈ ఐదూ కలిపితే పంచగవ్యం. ఆవు పంచితం అంటే గోమూత్రం. ఇందులోనూ 'పంచ' వినిపిస్తుంది కాబట్టి కొందరు దీన్నే పంచగవ్యం అనుకుని ఒక్క సీసా తెచ్చి ఊరుకుంటారు. పంచామృతంలో పాలు, పెరుగు, నెయ్యి ఉమ్మడే, మిగతా రెండు తేనె, పంచదార. అది దేవుడి అభిషేకానికీ, తీర్థానికీ. పంచగవ్యం శుద్ధికి.

మా దగ్గరి బంధువుల గృహప్రవేశం ఒకటి తెల్లవారుజామున జరిగింది. చీటీలో 'పంచగవ్యం' అని ఒక్క ముక్కే ఉంది. సామాన్లకు వెళ్లిన కుర్రాడు చక్కగా తేనె సీసా, పంచదార పొట్లం తెచ్చాడు. అపార్ట్‌మెంటు ఐదో అంతస్తు, ఇంకా తెల్లవారలేదు, ఆ వేళ ఆవు పేడ ఎక్కడ దొరుకుతుంది? గోపూజకని పిలిపించిన ఆవూ దూడా అప్పటికే కింద గేటు దగ్గర నిలబడి ఉన్నాయి. తోలుకొచ్చిన ఆయన విషయం విని నవ్వి, కావాల్సిన రెండూ అక్కడికక్కడే పట్టి ఇచ్చాడు. మీరు ఆ ఆవు మీద భారం వెయ్యకండి. చీటీలో ఆ మాట పక్కనే ఐదు పేర్లూ తెలుగులో విడివిడిగా రాసి, ఎవరు తెస్తారో కూడా రాయండి.

ఇదే సందర్భంలో మీరు అడగని మాట ఒకటి. చీటీలో ఉత్త 'గుమ్మడికాయ' అని ఉంటే ఏ గుమ్మడికాయో అడగండి. గుమ్మంలో దిష్టి తీసి కొట్టేదీ, తర్వాత ద్వారం పైన వేలాడదీసేదీ బూడిద గుమ్మడికాయ. కూర వండుకునే పసుపుపచ్చది మంచి గుమ్మడికాయ. దానం ఇచ్చేందుకు కొందరు దీన్ని కూడా రాస్తారు. బూడిద గుమ్మడి పైన తెల్లటి పొడి ఉంటుంది, పేరు దాన్నిబట్టే వచ్చింది. వేలాడదీసే కాయను ఆ పొడి పోయేలా కడగకండి, తొడిమ ఊడిన కాయ కొనకండి. అలాంటివి తొందరగా కుళ్లి నీరు కారతాయి.

వరుస గురించి. పురోహితులు చెప్పిన ముహూర్తం దేనికి? పేరులోనే ఉంది, ప్రవేశానికి. కాబట్టి ఆ నిమిషానికి మీరు గడప దాటుతూ ఉండాలి. మిగతావన్నీ దానికి అటో ఇటో సర్దుకుంటాయి. ముందురోజు సాయంత్రానికి ఇల్లు కడిగి, తోరణాలు కట్టి, గడపకు పసుపు రాసి బొట్లు పెట్టండి. పసుపు రాత్రికి ఆరిపోతుంది. తెల్లవారి రాస్తే తడి గడప మీద, పక్కనున్న నున్నటి టైల్స్ మీద కాలు జారుతుంది. పొద్దున బయట గోపూజ, గడప దగ్గర ద్వారపూజ అయ్యాక గుమ్మడికాయ కొడతారు. ముహూర్తానికి ఇంటాయన దేవుడి పటంతో, ఇల్లాలు నీళ్ల బిందెతో కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్తారు. వెనక వచ్చేవాళ్ల చేతుల్లో దీపం, పసుపు కుంకుమ, బియ్యం, కందిపప్పు, ఉప్పు, బెల్లం ఉంటాయి. కోపం వస్తే 'మీ గడప తొక్కను' అంటాం గానీ ఆ రోజు నిజంగానే గడప తొక్కకూడదు, దాటాలి. బిందె చంకన పెట్టుకున్న మనిషికి కాలి కింద ఏముందో కనిపించదు, కొట్టిన గుమ్మడికాయ ముక్కలు అప్పటికే పక్కకు తీయించండి.

లోపలికి వెళ్లగానే పటం పెట్టి దీపం వెలిగించి పాలు పొంగించడం, ఆ తర్వాత విఘ్నేశ్వర పూజ, పుణ్యాహవాచనం, నవగ్రహ పూజ, వాస్తు హోమం, చివర వ్రతం చాలా ఇళ్లలో సాగే వరుస. కొందరు వాస్తు హోమం ముందురోజు రాత్రే చేస్తారు. అప్పుడు విఘ్నేశ్వర పూజ, పుణ్యాహవాచనం కూడా దాంతోపాటే అయిపోతాయి. కొందరు లోపల విఘ్నేశ్వర పూజ చేశాకే పొయ్యి వెలిగిస్తారు. ఇది ఇంటి ఆనవాయితీని బట్టి ఉంటుంది. మీ పురోహితుల్ని ఒక్క మాట అడిగి, చీటీ వెనక వరుస రాయించుకోండి. ఎందుకంటే స్టవ్, సిలిండరు, అగ్గిపెట్టె ఎన్నింటికి సిద్ధంగా ఉండాలో దాన్నిబట్టి తేలుతుంది.

పొంగడం, పొంగించడం రెండూ సరైనవే, చెప్పే పని వేరు. 'పాలు పొంగాయి' అంటే వాటంతట అవి. మీరు ఏమరుపాటుగా ఉన్న రోజు కూడా పొంగుతాయి, ఆ రోజు స్టవ్ తుడుచుకుంటూ తిట్టుకుంటాం. కావాలని చేసేది పొంగించడం. అందుకే వేడుక పేరుగా 'పాలు పొంగించడం' అనే వాడుక నిలిచింది. అద్దె ఇంటికైతే ఇంకేమీ లేకుండా 'పాలు పొంగించి చేరాం' అనేస్తాం, అదొక్కటే గృహప్రవేశం అయిపోతుంది.

పొంగించడం అన్నాక పొంగేలా చూడాలి కూడా. పెద్ద కొత్త గిన్నెలో అర లీటరు పోస్తే అవి అడుగునే కుతకుతలాడి ఊరుకుంటాయి, అంచు దాటవు. బంధువులంతా గిన్నెలోకి తొంగిచూస్తూ నిలబడాల్సి వస్తుంది. లీటరు పాలు పట్టే గిన్నెలో ముప్పావు లీటరు పైనే పోయండి. కొత్త స్టీలు గిన్నెకు జిడ్డు ఉంటుంది, ముందురోజే తోమి ఆరబెట్టండి. గ్యాస్ స్టవ్ అయితే పొంగిన పాలు మంటను ఆర్పేస్తాయి, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. పొంగు అంచు దాటగానే మంట తగ్గించే మనిషి ఒకరు పక్కనే ఉండాలి, ఆరిపోతే వెంటనే నాబ్ కట్టేయాలి.

అదే గిన్నెలో కడిగిన బియ్యం వేసి వండి నైవేద్యం పెడతారు. పాలు పొంగిన గిన్నెలో వండింది కాబట్టే అది పొంగలి. బెల్లం మాత్రం అన్నం మెత్తగా ఉడికి, గిన్నె దింపి, సెగ కాస్త తగ్గాక కలపండి. మరుగుతున్న పాలలో వేస్తే విరిగిపోతాయి.