ఒళ్లో నిద్ర, కాట్‌లో ఏడుపు: పాపను ఎప్పుడు దించాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కావలి. పాపకు రెండున్నర నెలలు. పాలు తాగి ఒళ్లో చక్కగా నిద్రపోతుంది, కాట్‌లో పడుకోబెట్టగానే లేచి ఏడుస్తుంది. ఎత్తుకుని నువ్వే అలవాటు చేశావంటున్నారు మా అత్తగారు. రాత్రంతా కూర్చునే ఉంటున్నాను. ఏం చేయాలి?

జవాబు: అలవాటు కాదమ్మా, మీరు కాస్త తొందరగా దించుతున్నారు, అంతే. మూడు నెలల్లోపు పిల్లలు ముందు తేలిక నిద్రలోకి వెళ్తారు. అది ఇంచుమించు 20 నిమిషాలు ఉంటుంది. ఆ సమయంలో ఒంటికి తగిలే వెచ్చదనం పోయినా, తల కాస్త వెనక్కి వాలినా పాప ఉలిక్కిపడి లేస్తుంది.

కాబట్టి పాపను చూడండి. రాత్రి పదింటికి పాలు అయిపోయి కళ్లు మూసిందనుకుందాం. రెప్పల కింద కనుగుడ్లు కదులుతుంటాయి, పెదాలు చప్పరిస్తుంది, ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా ఉంటుంది. నిద్రలో నవ్వుతుంది కూడా, చూసి ఇంట్లో అందరూ మురిసిపోతారు, కానీ అదీ తేలిక నిద్రే, అప్పుడు దించొద్దు. పదీ ఇరవై ప్రాంతంలో ముఖం కదలకుండా ఉంటుంది, ఊపిరి ఒకే తీరుగా సాగుతుంది, బిగించిన పిడికిలి విచ్చుకుంటుంది. అప్పుడు చెయ్యి కొంచెం పైకెత్తి వదిలి చూడండి. తడి గుడ్డలా వాలిపోతే దించే సమయమైనట్టే. వెంటనే లాక్కుంటే ఇంకాసేపు ఆగండి.

దించేటప్పుడు కూడా మీ ఒంటికి ఆనించుకునే పూర్తిగా వంగి, ముందు కాళ్లు, తర్వాత పిరుదులు, చివరికి తల ఆనించండి. తల కింద చెయ్యి వెంటనే తీయకండి, రెండో చెయ్యి ఛాతీ మీద ఒక నిమిషం ఉంచి మెల్లగా తీయండి. ఆ తర్వాత ఒక్కసారి ఉలిక్కిపడినా, మూలిగినా గబుక్కున ఎత్తుకోవద్దు, గాఢనిద్రలోనూ అలా జరుగుతుంది, చాలాసార్లు తనే సర్దుకుంటుంది.

ఏడుస్తూ ఉంటే మాత్రం ఒళ్లో ఊపుతూ కూర్చోకుండా ఎత్తుకుని ఐదు నిమిషాలు నడవండి, నిద్రపోయాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చుని అప్పుడు దించండి. జపాన్‌లోని రైకెన్ సంస్థ పరిశోధకులు 2022లో చెప్పిన పద్ధతి ఇది. వాళ్లు చూసింది కొద్దిమంది పిల్లలనే, అయినా ప్రయత్నించడంలో నష్టం లేదు.

నాకు అసలు భయం మీ నిద్ర గురించి. పాపను ఎత్తుకుని సోఫాలో కునుకు తీయడం చాలా ప్రమాదం, పాప జారి ఇరుక్కుని ఊపిరాడకపోవచ్చు. మీకు కళ్లు మూతపడుతుంటే పాపను అత్తగారికి ఇవ్వండి, ఎవరూ లేకపోతే ఏడ్చినా సరే కాట్‌లో పెట్టేయండి. ఎప్పుడైనా వెల్లకిలానే, గట్టి పరుపు మీదే. ఆవాల దిండు, దుప్పటి, బొమ్మలు తీసేయండి. చీర ఉయ్యాలలో మెడ వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, రాత్రి నిద్రకు అది వద్దు.

వెల్లకిలా వేయగానే ప్రతిసారీ మెలికలు తిరుగుతూ ఏడ్చి, పాలు వద్దంటున్నా, బరువు పెరగకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. జ్వరం 100.4 ఫారన్‌హీట్ లేదా అంతకు మించితే ఈ వయసులో తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.