పిల్లల యాప్‌లో డౌట్‌కి జవాబు: లెక్క కరెక్టే, మరి ఎందుకు వెనక్కి పంపారు?

ప్రశ్న: మ్యాథ్స్‌తో డిగ్రీ అయింది. ఒక లెర్నింగ్ యాప్‌లో డౌట్లకు జవాబులు రాసే పనికి అప్లై చేశాను. శాంపిల్‌గా ఇచ్చిన డౌట్ ఇది: "1/4 పెద్దది కదా 1/3 కన్నా. 4 పెద్ద నెంబర్ కదా కింద. క్విజ్‌లో రాంగ్ అని వచ్చింది ఎందుకు". నేను రాసింది: "లవములు సమానముగా ఉన్న భిన్నములలో హారము తక్కువగా ఉన్నది పెద్ద భిన్నము. కావున 1/3 > 1/4." లెక్క సరైనదే కానీ చదివేది ఎవరో చూడలేదని వెనక్కి పంపారు, ఇంకోసారి రాయమన్నారు. వయసు ఎక్కడా కనిపించదు. ఎలా తెలుసుకోవాలి? ఏం మార్చాలి?

జవాబు: వయసు కనిపించకపోయినా ఆ మూడు వాక్యాల్లో చాలా ఉంది. భిన్నాలు పోల్చడం ప్రైమరీ చివర్లో వచ్చే పాఠం. అడిగినవాళ్లు హారం అనలేదు, "కింద నెంబర్" అన్నారు. "క్విజ్‌లో రాంగ్ అని వచ్చింది" అంటే ఇప్పుడే యాప్‌లో ఆ ప్రశ్న చేసి నేరుగా ఇటు వచ్చారు. అన్నిటికంటే బలమైన ఆధారం ఆ తప్పు ఎలా జరిగిందన్నది: పూర్ణ సంఖ్యల్లో 4 పెద్దది కాబట్టి భిన్నంలోనూ పెద్దదే అనుకోవడం, భిన్నాలు కొత్తగా నేర్చుకునే పిల్లలు చాలామంది తడబడే చోటు. స్పెల్లింగ్ తప్పులు, ఫుల్‌స్టాప్ లేకపోవడం లాంటివి మాత్రం నమ్ముకోకండి, ఫోన్లో తొందరగా టైప్ చేసే పెద్దవాళ్లూ అలాగే రాస్తారు. యాప్‌లో క్లాసు అని కనిపించినా ఒకే అకౌంట్ అక్కాతమ్ముళ్లిద్దరూ వాడుతుండొచ్చు. ఏదో ఒక్క ఆనవాలు చూసి తేల్చేయకూడదు, మూడు నాలుగు ఒకే వైపు చూపిస్తే అప్పుడు జవాబు మార్చాలి. వయసెంత, ఏ స్కూలు అని తిరిగి అడగొద్దు. పిల్లల నుంచి ఆ వివరాలు రాబట్టడం మంచిది కాదు, ఈ జవాబుకి అవి అక్కర్లేదు కూడా.

ఇక మీరు రాసిన వాక్యం. "సమానముగా", "కావున" పుస్తకం భాష, అవి మార్చడం తేలికే. అసలు ఇబ్బంది వాక్యం అల్లికలో ఉంది. మన భాషలో అసలు సంగతి చివర్లో వస్తుంది కాబట్టి "లవములు సమానముగా ఉన్న భిన్నములలో హారము తక్కువగా ఉన్నది" అన్నంతసేపూ రెండు షరతులు మనసులో మోస్తే తప్ప "పెద్ద భిన్నము" దగ్గరికి చేరరు. కూడబలుక్కుని చదివే పిల్లలు సగంలోనే మొదటి సగం మర్చిపోతారు. అందుకే "ఉన్న", "చేసిన", "వచ్చిన" అంటూ పేర్చిన వాక్యాన్ని విరిచి, ఒక్కో వాక్యానికి ఒక్క సంగతే ఇవ్వండి. ఒత్తులు ఎక్కువున్న మాటలూ తగ్గించండి. గుణింతాల తర్వాత ఒత్తులు నేర్చుకుంటారు కదా, చిన్న క్లాసుల వాళ్లు "నిష్పత్తి" దగ్గర ఆగినంతసేపు "ముక్క" దగ్గర ఆగరు. పిల్ల వాడిన మాటే మీరూ వాడండి: కింది నెంబర్ అంటే కింది నెంబరే. హారం అన్న మాట పాఠంలో ఎలాగూ వస్తుంది, చివర్లో ఒక్కసారి జత చేస్తే చాలు.

నేనైతే ఇలా రాసేవాణ్ని:

> 3 కన్నా 4 పెద్దదే. నిజం.
> కానీ 1/4లో కింద ఉన్న 4 ఒక సంగతి చెబుతుంది: "4 సమాన ముక్కలు చేశాం" అని.
>
> గళ్ల నోట్‌బుక్‌లో 12 గళ్ల పట్టీలు రెండు గీద్దాం.
>
> మొదటిది 3 ముక్కలు చేద్దాం. ఒక ముక్కలో 4 గళ్లు.
> రెండోది 4 ముక్కలు చేద్దాం. ఒక ముక్కలో 3 గళ్లు.
>
> ఎక్కువ ముక్కలు చేస్తే ఒక్కో ముక్క చిన్నది అవుతుంది.
> అందుకే 1/3 పెద్దది.
>
> కింది నెంబర్‌ని హారం అంటారు.
> మరి 1/5, 1/8లో ఏది పెద్దది?

పన్నెండే ఎందుకంటే అది 3తోనూ 4తోనూ సరిగ్గా భాగమవుతుంది. కాగితం మడవమంటే మూడు సమాన భాగాలుగా మడవడం పెద్దవాళ్లకే కష్టం, ముక్కలు ఎగుడుదిగుడుగా వచ్చి మళ్లీ 1/4 పెద్దదనిపించొచ్చు. మొదటి వరస ఊరికే పెట్టలేదు. పిల్ల అనుకున్నదాంట్లో నిజమైన భాగం ఉంది, దాన్ని ఒప్పుకుని, ఎక్కడ దారి మారిందో చూపించాలి. చివరి ప్రశ్న కూడా మర్యాద కోసం కాదు. "అర్థమైందా" అంటే పిల్లలు అవుననే అంటారు. 1/8 అని జవాబొస్తే అర్థం కాలేదని మనకే తెలుస్తుంది.

"గీద్దాం", "చేద్దాం" చూశారా? ఎదుటివాళ్లు పిల్లలో పెద్దలో ఖాయంగా తెలియనప్పుడు నువ్వు అనాలా మీరు అనాలా అన్న చిక్కు ఇలా తప్పుతుంది. బిడ్డ హోంవర్క్ చూస్తున్న తల్లి చదివినా ఆమెకి చిన్నతనంగా అనిపించదు. వాక్యం సులువుగా ఉంటే ఏ పెద్దవాళ్లూ బాధపడరు, "బంగారూ, భలే అడిగావు!" అంటే మాత్రం బాధపడతారు. తొమ్మిది పదేళ్ల పిల్లలకీ ఆ గొంతు నచ్చదు, తమని పసివాళ్లని చేశారనుకుంటారు. భాషని తేలిక చేయండి, మనిషిని చిన్న చేయకండి.

పేజీ అమరిక సంగతికొస్తే, చిన్న ఫోన్ తెరని ఊహించుకుని రాయండి. హెడింగులు, టేబుళ్లు, బ్రాకెట్లో బ్రాకెట్లు ఇక్కడ వద్దు. మాటని బోల్డ్ చేయాలని పెట్టిన స్టార్ గుర్తులు కొన్ని యాప్‌లలో అలాగే `**హారం**` అని కనిపిస్తాయి, పిల్లలు వాటిని గుణకారం గుర్తులనుకునే ప్రమాదం ఉంది. పట్టీలని తెర మీదే చూపిస్తే ఇలా, రెండూ వేర్వేరు వరసల్లో, ఒకే రకం గళ్లతో:

```
■■■■□□□□□□□□
■■■□□□□□□□□□
```

మధ్యలో ఖాళీలు పెడితే చిన్న తెర మీద పట్టీ తెగి రెండో వరసలోకి జారుతుంది, అప్పుడు ఏది పొడవో ఎవరికీ తెలియదు. యాప్ జవాబుని చదివి వినిపించే రకమైతే ఈ గళ్లు అసలు పెట్టకండి, ఒక్కో గడి పేరూ చదువుకుంటూ పోవచ్చు. "1/3" కూడా గొంతులో తేదీలా వినిపించే అవకాశం ఉంది కాబట్టి అక్కడ "మూడింట ఒక వంతు" అని రాయండి.

ఒక్క జాగ్రత్త. తేలిక చేసే తొందరలో "కింది నెంబర్ చిన్నదైతే భిన్నం పెద్దది" అని సూత్రంలా రాసేస్తారు చాలామంది. పై నెంబర్లు ఒకటే అయినప్పుడే అది నిజం. అదే పన్నెండు గళ్ల పట్టీ మీద 2/3 అంటే 8 గళ్లు, 3/4 అంటే 9 గళ్లు. కింద 4 ఉన్నా 3/4 పెద్దది. మీ మొదటి జవాబులో ఆ షరతు ఉంది, అది మీ బలం. పిల్లల భాషలోకి మార్చేటప్పుడు దాన్ని పోగొట్టుకోకండి. నేను రాసినదాంట్లో సూత్రానికి బదులు "ఒక్కో ముక్క చిన్నది అవుతుంది" అని ఉంది, అది వచ్చే ఏడాది పాఠంలోనూ నిలబడుతుంది.

కొత్త శాంపిల్‌తో పాటు కింద రెండు మూడు వాక్యాల నోట్ పెట్టండి: ఏ ఆనవాళ్లు చూసి పిల్ల అనుకున్నారు, వాటిలో దేని మీద మీకు నమ్మకం తక్కువ, తర్వాతి మెసేజ్‌లో "మా పాపకి ఎలా చెప్పాలి" అని వస్తే ఏం మారుస్తారు. ఆ చివరిదానికి మీ దగ్గర జవాబు ఇప్పటికే ఉంది. పట్టీలు అవే, చివరి ప్రశ్న మాత్రం "పాపని ఇది అడిగి చూడండి" అని అమ్మ చేతికి వెళ్తుంది, 2/3, 3/4 సంగతి కూడా ఆమెకి ముందే చెప్పేయొచ్చు.