రాత్రికి రాత్రే వాచిన బొటనవేలు: గౌటా, ఇన్ఫెక్షనా, దెబ్బా?

ప్రశ్న: రాత్రి బాగానే పడుకున్నాను. తెల్లారేసరికి కాలి బొటనవేలు ఎర్రగా, వేడిగా వాచిపోయింది. ఫొటో పెట్టాను. ఇది గౌటా, ఇన్ఫెక్షనా, దెబ్బా?

ఫొటోలో ఎరుపంతా బొటనవేలు పాదంతో కలిసే కీలు చుట్టూనే ఉంది. చర్మం బిగుసుకుని నిగనిగలాడుతోంది, గోరు పక్కన చీము గానీ పుండు గానీ లేదు. అందుకే నా మొదటి అనుమానం గౌట్. రక్తంలో ఎక్కువైన యూరిక్ యాసిడ్ కీలులో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. చల్లగా ఉండే చోట ఇది తేలిగ్గా జరుగుతుంది కాబట్టి కాలి చివరే ఎక్కువగా దొరికిపోతుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి ఉంటే అనుమానం బలపడుతుంది.

దెబ్బైతే తగిలిన సంగతి సాధారణంగా గుర్తుంటుంది, కమిలిన నీలం రంగు కూడా కనిపిస్తుంది.

ఇన్ఫెక్షన్‌ను మాత్రం ఫొటో చూసి కొట్టిపారేయలేం. చర్మానికి సోకిందైతే ఎరుపు కీలు దాటి పైకి పాకుతుంది. కీలు లోపలే సోకితే అచ్చం గౌట్‌లాగే ఉంటుంది, కొద్ది రోజుల్లోనే కీలును పాడుచేస్తుంది. గౌట్‌లోనూ కాస్త జ్వరం రావచ్చు గానీ, ఆ తేడా ఇంట్లో తేల్చుకునేది కాదు. జ్వరం, వణుకు ఉన్నా, మీకు షుగర్ ఉన్నా ఇవాళే ఆస్పత్రికి వెళ్లండి.

యూరిక్ యాసిడ్ నార్మల్ వచ్చిందని గౌట్ కాదనుకోకండి. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు అది తగ్గి కనిపించొచ్చు, రెండు వారాలయ్యాక మళ్లీ చూడాలి. అసలు తేల్చేది కీలులోంచి సూదితో తీసిన ద్రవం. అందులో స్ఫటికాలు మైక్రోస్కోప్‌లో కనిపిస్తాయి, బాక్టీరియా ఉంటే ల్యాబ్‌లో దాన్ని పెంచి చూసే కల్చర్ పరీక్షలో బయటపడుతుంది. అరుదుగా రెండూ కలిసే ఉంటాయి.