రాత్రిపూట అడ్మిషన్, క్యాష్‌లెస్ కార్డు

"మా అమ్మమ్మకు హెల్త్ పాలసీ ఉంది. అర్ధరాత్రి అడ్మిట్ చేయాల్సి వస్తే కార్డు చూపిస్తే చాలా?"

కార్డు ఒక్కటే చాలదండీ. పోయిన వానాకాలం రాత్రి ఒంటిగంటకు మా నాయనమ్మకు ఆయాసం వచ్చి ఎమర్జెన్సీలో చేర్చాం. ఈ-కార్డు బాబాయి ఫోన్‌లో ఉంది, ఆయన బస్సులో నిద్రపోతున్నారు. ఇన్సూరెన్స్ డెస్క్ పొద్దున్న తొమ్మిదికి గానీ తెరవరు. వైద్యం ఆగలేదు కానీ, 20,000 డిపాజిట్ కట్టాం.

అసలు చిక్కు పొద్దున్న వచ్చింది. బిల్లు కంపెనీయే కట్టేలా ముందే అనుమతి కోరుతూ ఆసుపత్రి నుంచి వెళ్లే ప్రీ-ఆథరైజేషన్ ఫారంలో బీపీ ఎన్నేళ్ల నుంచి ఉందో రాయాలి. టెన్షన్‌లో నాన్న "పదేళ్లు" అనేశారు. నిజానికి నాలుగేళ్లే, పాలసీ తీసుకుని ఆరేళ్లు. జబ్బు దాచి పాలసీ తీసుకున్నామేమోనని కంపెనీ ప్రశ్న పంపింది. పాత చీటీలు వెతికి మొదటి బీపీ చీటీ చూపించాకే, సాయంత్రానికి అనుమతి వచ్చింది. 2024 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమం ప్రకారం కంపెనీ గంటలో తేల్చాలి, కానీ ఇలాంటి ప్రశ్న పడితే ఆలస్యం తప్పదు.

ఇప్పుడు ఈ-కార్డు, ఆధార్, మొదటి చీటీ, మందుల జాబితా ఇంట్లో నలుగురి ఫోన్లలోనూ ఉన్నాయి. ప్రింట్లు ఒక కవరులో వేసి నాయనమ్మ మందుల డబ్బాలో పెట్టాం. బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న దగ్గరి నెట్‌వర్క్ ఆసుపత్రి పేరు ఆ కవరు మీదే రాశాం. మీరు ముందు అమ్మమ్మగారి మొదటి బీపీ, షుగర్ చీటీలు వెతకండి.