తిరుమల దర్శనం తర్వాత డబ్బు ఊరివాళ్ళకే చేరాలంటే

ప్రశ్న: ఫ్యామిలీతో తిరుపతి వస్తున్నాం. దర్శనం అయ్యాక రెండు రోజులు ఖాళీ. పెద్ద హోటళ్ళు, షోరూంలు కాకుండా అక్కడివాళ్ళకే డబ్బు చేరేలా ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి?

ఒక రోజు శ్రీకాళహస్తికి పెట్టండి. గుడి చూసి వెనక్కి వచ్చేయకుండా, కలంకారీ వేసే ఇంటికి వెళ్ళండి. ఆటోవాళ్ళని అడిగితే చాలావరకు కమీషన్ ఇచ్చే షాపుకే తీసుకెళ్తారు, వాళ్ళనీ తప్పుపట్టలేం, కానీ ఆ కమీషన్ మీ బిల్లులోనే ఉంటుంది. అందుకే ముందే ఫోన్ చేసి, బట్ట మీద పని నడుస్తున్న ఇంటికే వెళ్ళాలి.

మా పిన్ని వాళ్ళు వచ్చినప్పుడు అలాగే తీసుకెళ్ళాను. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టిన బట్ట అది, పాలు ఎందుకంటే సిరా పక్కకి పాకకుండా. వెదురు కలానికి గుడ్డ చుట్టి దారం కట్టి, దాన్ని వేళ్ళతో నొక్కుతూ గీస్తారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టిన సిరా మొదట పలచగా కనిపిస్తుంది, కరక్కాయ తగిలాక కళ్ళముందే నల్లబడుతుంది. పిల్లలు అక్కడినుంచి కదల్లేదు. ఎరుపు రావాల్సినచోట ముందు పటిక పూస్తారు, తర్వాత రంగులో ఉడికిస్తారు, మధ్యమధ్యలో ఉతుకుడు, ఆరబెట్టుడు. వానాకాలం వెళ్తే ఈ రంగుల పని ఆగిపోయి గీయడం మాత్రమే కనిపించొచ్చు.

అక్కడ అడగాల్సింది ఒకటే: ఎవరు గీశారు, ఎవరు రంగు నింపారు? చాలామంది ఆడవాళ్ళు వ్యాపారి ఇచ్చిన బట్టకి ముక్కకి ఇంత అని కూలికి రంగు నింపుతారు, అమ్మిన ధరతో వాళ్ళకి సంబంధం ఉండదు. షాపులో ఇరవై ఆరు వందలు చెప్పిన దుపట్టాలాంటిదే మా పిన్నికి ఆ ఇంట్లో పదిహేడు వందలకి దొరికింది, మొత్తం గీసినామెకే వెళ్ళింది. దాంట్లో మళ్ళీ బేరం ఆడకండి ప్లీజ్. నేర్పించమంటే గంటకి ఎంతో ముందే మాట్లాడుకోండి, ఊరికే చూపించమనకండి.

చేత్తో వేసిందో ప్రింటో తెలియాలంటే ఒకేలాంటి రెండు నెమళ్ళని పక్కపక్కన చూడండి. కన్ను, ముక్కు అచ్చం ఒకటే, గీత ఎక్కడా లావు సన్నం కాలేదంటే అది స్క్రీన్ ప్రింటే. ఎనిమిది వందలకి చీర అన్నా అంతే. పెడన అచ్చు కలంకారీ వేరే పద్ధతి, దాన్ని నకిలీ అనకూడదు.

రాత్రి ఉండటానికి తలకోన. నెరబైలు దగ్గర అడవిలో వన సంరక్షణ సమితితో నడిచే గదులున్నాయి, పని చేసేది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. టూరిజం శాఖ గదులూ అక్కడే ఉంటాయి కాబట్టి బుక్ చేసేటప్పుడు ఎవరివో అడగండి. ఎండాకాలం జలపాతంలో నీళ్ళు తక్కువ, బస్సులు కూడా తక్కువే, కాబట్టి తిరుగు ప్రయాణం బండి ముందే మాట్లాడుకుని వెళ్ళండి.